ఈలమ్మ సర్క్యులర్

చెప్పుల కొట్టువాడితో ఈలమ్మ గెలిచిన తగాదా నేను కళ్ళారా చూశాను కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. ఆవిడ కొన్న చెప్పులు వారం తిరక్కముందే అడుగు ఊడి నోరు తెరిచాయి. వాటిని సంచిలో వేసుకుని, నన్ను తోడు రమ్మని, కొట్టుకి వెళ్ళింది. కొట్టువాడు చెప్పులవైపు తొంగి కూడా చూడలేదు. బిల్లు వెనక్కి తిప్పి, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అన్న అచ్చుముక్క మీద వేలు పెట్టాడు. నేనైతే ఆ వేలు విరిచి చేతిలో పెట్టేదాన్ని. ఈలమ్మ కళ్ళజోడు తగిలించుకుని, దాన్ని శ్రద్ధగా చదివి, చాలా బాగుందండీ, ఇది మీరే రాశారా అని అడిగింది. ప్రెస్సువాడు వేసిచ్చాడు, బజారంతా ఇదే ఉంటుంది అన్నాడతను.

"అయితే ఇది మీ మాట కాదన్నమాట. ప్రెస్సువాడితో నాకేం పని? చెప్పులమ్మింది మీరు. ఆ కాగితం పక్కన పెట్టి, నా మొహం చూసి, మీ నోటితో చెప్పండి. వింటాను."

కొట్టులో ఒంటికాలికి చెప్పు తొడుక్కున్నవాళ్ళు తొడుక్కున్నట్టే ఆగిపోయి చూస్తున్నారు. అతను ఆవిడ మొహం చూశాడు, చెప్పులు చూశాడు, ఫ్యాను చూశాడు. చెప్పుల నోరు తెరుచుకుంది గానీ అతని నోరు తెరుచుకోలేదు. చివరికి కొత్త జత తీసి బల్లమీద పెట్టాడు. బయటికొచ్చాక ఈలమ్మ కొట్టు మెట్లమీదే కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వితే వీధి చివర రిక్షావాళ్ళు తలతిప్పి చూస్తారు.

ఈలమ్మ మా ఎదురింటి మనిషి. మా మెట్లకి ఇటు మా గుమ్మం, అటు ఆవిడ గుమ్మం. ఉద్యోగంలో చేరింది ఆటలు నేర్పించే టీచరుగా. మెడలో ఈల వేసుకుని తిరిగిన రోజుల్లో పిల్లలు పెట్టిన పేరు అది. ఇప్పుడు అదే బడికి ప్రిన్సిపాలు. పేరు మాత్రం మారలేదు, ఆవిడకీ మార్చుకోవాలని లేదు. కుర్చీ పెద్దదైతే ఈల చిన్నదవుతుందా పిన్నిగారూ అంటుంది. నడక ఇప్పటికీ డ్రిల్లు నడకే. స్కూటరు మాత్రం చీమలు దాటి వెళ్ళిపోయేంత నెమ్మదిగా నడుపుతుంది. వంటలో ఉప్పు వెయ్యడం మరిచిపోయి, మా ఇంటికొచ్చి మా కూర తిని, మా కోడలి చేతివంట మెచ్చుకుని వెళ్ళిపోతుంది. నేను వండానని ఎన్నిసార్లు చెప్పినా ఆ మెప్పు కోడలికే పోతుంది. అదొక్కటే నాకావిడ మీదున్న కోపం.

నా చదువు మూడో తరగతితో ఆగింది. కూడబలుక్కుని చదువుతాను, గీతలు తిన్నగా రాకపోయినా రాస్తాను. ఇవాళ్టి చదువులు చూస్తుంటే అక్కడ ఆగడమే మంచిదయిందని అనిపిస్తుంటుంది.

ఎందుకంటారా, మా మనవరాలి సంగతి చెబుతాను వినండి. ఆరో తరగతి, ఈలమ్మ బడిలోనే. ఓరోజు రాత్రి అది హోంవర్కు పైకి చదువుకుంటోంది. 'మా ఇంట్లో పెద్దవారు' అని ఓ పేజీ రాసుకురమ్మన్నారట. నేను బియ్యం ఏరుకుంటూ చెవి ఒగ్గాను. అందులో ఒక నాయనమ్మ ఉంది. ఆవిడ జుట్టు వెండిలా మెరుస్తుంది. గొంతు తేనెలా తియ్యగా ఉంటుంది. వెన్నెల రాత్రుల్లో మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నీతికథలు చెబుతుంది. ఏనాడూ కోపం ఎరగదు. ముడతలు పడిన ఆ చేతుల్లో ఒక తరం జ్ఞానం దాగి ఉంది.

"ఎవరే ఈవిడ? మీ తాతకి నాకు తెలీకుండా ఇంకో పెళ్ళాం ఉందా?" అన్నాను.

అది తలవంచుకుంది. లాగి అడిగితే, తను స్నానం చేసొచ్చేసరికి వాళ్ళమ్మే ఫోనులో అడిగి తెప్పించిందనీ, తను చూసి పుస్తకంలో ఎక్కించానంతేననీ చెప్పింది. ఏం కావాలో చెబితే రాసిపెట్టే ఏఐ ఒకటి వచ్చిందిగా, దాన్ని అడిగారు. మా కోడలు మందుల కంపెనీలో లెక్కలు చూస్తుంది. ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. వంటింట్లోంచే అంది, ఊరికే ఓ పేజీకి ఎందుకత్తయ్యా అంత రాద్ధాంతం, బాగానే ఉందిగా అని. బాగానే ఉంది. నేనే లేను.

మర్నాడు సాయంత్రం ఈలమ్మ చేతినిండా నోటుపుస్తకాలు పట్టుకుని మా ఇంట్లోకి వచ్చి, సోఫాలో పడి, మాట్లాడదామనుకుని మాట్లాడలేక, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఒక్కొక్క పుస్తకం తీసి చదివితే నాకూ అర్థమైంది. తరగతిలో ముప్పాతిక మందికి ఒకే నాయనమ్మ. ఒకరింట్లో అమ్మమ్మ, ఒకరింట్లో తాతయ్య, అంతే తేడా. అందరి జుట్టూ వెండే. అందరూ వెన్నెల్లోనే కూర్చున్నారు. మనూళ్ళో ఇంతమంది ముసలివాళ్ళు మేడలెక్కి వెన్నెల్లో కథలు చెబుతుంటే ఒక్కరూ మనకి కనపడలేదేం పిన్నిగారూ అని ఆవిడ బాధ. ఒక పిల్ల పేజీ చివర, 'దీన్ని ఇంకా చిన్నదిగా మార్చమంటారా' అన్న ప్రశ్నని కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించేసింది. ఏఐ అడిగిన ప్రశ్నకి టీచరు కింద ఎర్రసిరాతో, వద్దు, చాలు అని జవాబు రాసింది.

అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసి రాశారా అంటే, అవసరం లేదంది ఈలమ్మ. ఎవరింట్లో వాళ్ళు విడివిడిగా అడిగినా, అడిగిన మాట ఒకటే అయితే వచ్చేది కూడా ఒకలాగే ఉంటుందట. అది ఇదివరకు ఎందరో రాసిన రాతల్ని నమిలి, ఏ మాట పక్కన ఏ మాట వస్తే నప్పుతుందో చూసి పేరుస్తుందట. మాటలు అటూ ఇటూ మారతాయి, మనిషి మారదు. మీ సంగతి దానికేం తెలుసు, ఎవరూ చెప్పలేదుగా అంది. చెబితే మాత్రం రాసే ధైర్యం ఉండాలిగా అన్నాను నేను.

ఒక్క పుస్తకం మాత్రం విడిగా ఉంది. ఆ పిల్ల తాతయ్య కట్టుడు పళ్ళు తుమ్మినప్పుడల్లా ఊడి వస్తాయట. వాటిని పట్టుకోవడంలో అమ్మ కంటే తనే నయమట. తప్పులతో సహా బంగారంలాంటి పేజీ. అది చదివాక ఈలమ్మ నవ్వు ఆపి, అసలు సంగతి చెప్పింది.

బడి కరస్పాండెంటు, అంటే బడికి యజమాని, ఎవడో అమ్మేవాడి మాట విని, ఏఐ రాసిందా మనిషి రాశాడా అన్నది పసిగట్టే యాప్ ఒకటి తెప్పించాడు. ఏఐ పాలు నూటికి యాభై దాటి చూపిస్తే సున్నా, రెండోసారైతే టీసీ, అని సర్క్యులర్ పంపమన్నాడు. సంతకం ఈలమ్మది. ఆవిడ సంతకం పెట్టకుండా ముందు ఆ యాప్‌లో రెండు పేజీలు టైపు చేసి చూసింది. వెన్నెల్లో నాయనమ్మని మనిషి రాశాడంది. తాతయ్య పళ్ళని నూటికి ఎనభై పాళ్ళు ఏఐ రాసిందంది. ఒక్కోసారి సరిగ్గానే చెబుతుంది పిన్నిగారూ, ఏ సారి సరైందో మాత్రం తెలీదు, తెలుగైతే మరీ తడబడుతుంది అంది. దాన్ని నమ్ముకుని పళ్ళు పట్టుకున్న పిల్లకి సున్నా వెయ్యాలా అని కరస్పాండెంటునే అడిగిందట.

ఆయన కోప్పడలేదు. నవ్వుతూ, అయితే మీ సర్క్యులర్ మీరే రాసుకోండి, శనివారం తల్లిదండ్రుల మీటింగులో చదవండి, వాళ్ళు ఒప్పుకుంటే సరే, లేకపోతే నాదే వెళుతుంది, సంతకం పెట్టడానికి మరో ప్రిన్సిపాలు వస్తారు అన్నాడట. ఈలమ్మ ఆ ముక్క చెప్పి, పోతే పోనీండి, మళ్ళీ ఈల వేసుకుంటాను అని నవ్వింది. ఈసారి నవ్వుకి వీధిలో ఎవరూ తలతిప్పలేదు.

ఆదివారం పొద్దున్న మా భోజనాల బల్ల మీదే కూర్చుని ఆ సర్క్యులర్ రాసింది. ఆవిడ వాక్యం రాయడం, నేను చదవడం, నాకు అడ్డుపడిన మాట కొట్టెయ్యడం. 'కృత్రిమ మేధ ఆధారిత పాఠ్య సృష్టి సాధనాలు' అని మొదట రాసింది. ఇవి కొరికితే తాతయ్య పళ్ళు ఊడినట్టు నావీ ఊడతాయి అన్నాను. కొట్టేసి, 'అడిగితే రాసిపెట్టే ఏఐ యాపులు' అని రాసింది.

చివరికి కాగితం మీద నిలిచింది ఇదీ. అయిదో తరగతి వరకూ ఇంటిపనిలో ఏఐ వద్దు. ఆ పైన అర్థం కానిది అడిగి తెలుసుకోవడానికి, రాసుకున్నదాంట్లో తప్పులు చూసుకోవడానికి వాడుకోవచ్చు. వాడితే పేజీ కింద, ఏం అడిగాను, అదేం ఇచ్చింది, నేనేం మార్చాను అని మూడు ముక్కలు రాయాలి. అది లేని సంగతులు కూడా ఉన్నట్టే ధీమాగా చెబుతుంది గనక పేర్లూ తేదీలూ పుస్తకంలో సరిచూసుకోవాలి. ఇంటి అడ్రసులు, ఫోటోలు, ఇంట్లో గుట్లు దానికి చెప్పకూడదు. యాప్ చూపించిన శాతాన్ని బట్టి ఏ పిల్లకీ మార్కు తగ్గించరు. అనుమానం వస్తే పిల్లని కూర్చోబెట్టి, రాసినదాన్ని కాగితం చూడకుండా తన మాటల్లో రెండు నిమిషాలు చెప్పమంటారు. భయపడే పిల్లకి ఇంకో రోజు ఇస్తారు. చెప్పలేకపోతే మొదటిసారి శిక్ష లేదు, బడిలో కూర్చుని మళ్ళీ రాయాలి. మళ్ళీ మళ్ళీ దాచిపెడితే ఆ పనికి మార్కులుండవు, పెద్దవాళ్ళని పిలుస్తారు.

అన్నీ అయ్యాక ఈలమ్మ కలం ఆపి, ఒక్క క్షణం ఆలోచించి, 'పిల్లల పనిని పెద్దవాళ్ళు ఏఐ చేత చేయించినా ఇదే వర్తిస్తుంది' అని చివర చేర్చింది. సరిగ్గా అప్పుడే మా కోడలు టీ పట్టుకొచ్చింది. కాగితం మీదికి తొంగి చూసింది. టీ గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడుకి నాకు సంగతి అర్థమైంది. ఈలమ్మ వెళ్ళాక, అత్తయ్యా, ఆ ముక్క తీసేయమనండి అంది. నువ్వే చెప్పు, నోరుందిగా అన్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

అది నోటితో చెప్పలేదు. కరస్పాండెంటు మహా గట్టివాడు. ఈలమ్మ సర్క్యులర్‌ని ముందే పంపించి, అభ్యంతరాలుంటే శనివారంలోగా రాసి ఇవ్వచ్చని తల్లిదండ్రులందరికీ మెసేజీ పెట్టించాడు. మా కోడలు ఏఐనే అడిగి సర్క్యులర్ మీద అభ్యంతరం రాయించుకుంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఎవరికైనా పనికొస్తుందని తల్లుల గ్రూపులో పడేసింది. ఉచితంగా వస్తే ఉత్తరమైనా ఊరికే పోనిస్తారా.

శనివారం మీటింగుకి నేనూ వెళ్ళాను. మా అబ్బాయి ఊళ్ళో లేడు, కోడలు ఒక్కత్తీ వెళ్ళనంది. హాలు కిటకిటలాడుతోంది. పిల్లలు కూర్చునే బెంచీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గెడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. ఈలమ్మ సర్క్యులర్ చదివింది. అప్పుడు కరస్పాండెంటు లేచి, బల్లమీదున్న కాగితాల దొంతర చేత్తో తట్టి, తల్లిదండ్రుల అభిప్రాయం ఇక్కడుంది, చాలామంది ఒప్పుకోలేదు, కాబట్టి నా సర్క్యులరే వెళుతుంది అన్నాడు. మా కోడలు చీర అంచు వేలికి చుట్టుకుంటోంది.

ఈలమ్మ, ఒకసారి చూడనిస్తారా అని దొంతర తీసుకుంది. ఒక కాగితం చదివింది. రెండోది తీసింది. మూడోది తీసింది. పెదవి బిగబట్టింది. ఆ బిగబట్టడం నాకు తెలుసు, లోపల నవ్వు ఉడుకుతోందన్నమాట. ఆ పైన గట్టిగా చదివింది: "పిల్లల సర్వతోముఖాభివృద్ధి దృష్ట్యా, నా బిడ్డ 'మీ అమ్మాయి లేదా అబ్బాయి పేరు ఇక్కడ రాయండి' యొక్క భవిష్యత్తు గురించి తల్లిగా నేను తీవ్రంగా ఆందోళన చెందుతున్నాను."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ రెండో కాగితం చదివింది. అందులోనూ ఆ బిడ్డ పేరే. మూడోదాంట్లోనూ ఆ బిడ్డే. ఒక తండ్రి 'తల్లిగా' అన్న మాట కూడా మార్చకుండా సంతకం పెట్టేశాడు. అప్పుడు వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, కట్ట తెగింది. పక్కవాళ్ళ భుజాలమీద వాలి నవ్వేవాళ్ళు, మొహం కాగితంలో దాచుకునేవాళ్ళు. తల్లిగా ఆందోళన పడ్డ తండ్రి బెంచీలోంచి లేవబోయి, మోకాలు ఇరుక్కుని, మళ్ళీ కూర్చుండిపోయాడు. దానితో ఇంకో విడత నవ్వు.

ఈలమ్మ నవ్వలేదు. చెయ్యెత్తింది. హాలు డ్రిల్లులో పిల్లల్లా ఆగిపోయింది.

"సున్నా లేదు, శిక్ష లేదు. నా సర్క్యులర్‌లో రాసిందే చేద్దాం. రాసినవాళ్ళు ఎవరైనా సరే, కాగితం పక్కన పెట్టి, మీ మాటల్లో చెప్పండి. రెండు నిమిషాలు. నేను వింటాను."

కరస్పాండెంటు గడియారం చూసుకున్నాడు. ఎవరూ నోరు విప్పకపోతే అభ్యంతరాలు అభ్యంతరాలుగానే ఉండిపోతాయి, ఈలమ్మ కుర్చీ పోతుంది. నేను కోడలి డొక్కలో మోచేత్తో పొడిచాను. అది లేచింది. నా పోటుకి లేచిందో, తనంతట తనే లేచిందో ఇప్పటికీ చెప్పదు.

"ఆ ఉత్తరం మొదట తెప్పించింది నేనే," అంది. "మీ అమ్మాయి పేరు అని ఉన్నచోట మా అమ్మాయి పేరు నేనే రాయలేదు. చదవలేదు కూడా, చదివే ఓపిక లేక. నేను ఇంటికొచ్చేసరికి రాత్రవుతుంది టీచర్. దానికి రోజూ అన్ని సబ్జెక్టుల్లోనూ రాసేవి ఉంటాయి. ఏఐ రాకముందు రోజూ దాన్ని తిట్టి, ఏడిపించి, రాయించి పడుకోబెట్టేదాన్ని. ఇప్పుడు ఏఐ రాసిపెడుతుంది. ఆ మిగిలిన కాసేపూ మేమిద్దరం నవ్వుకుంటాం. మీ సర్క్యులర్ వస్తే ఆ కాసేపు పోతుందని భయమేసింది. అంతే టీచర్. భవిష్యత్తూ అదీ నాకేం తెలీదు."

ఇన్నేళ్ళుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నాం, ఆ ముక్క నాకెప్పుడూ చెప్పలేదు. రాత్రిళ్ళు తల్లీకూతుళ్ళు గదిలో కిచకిచలాడుతుంటే, నన్ను చూసే నవ్వుకుంటున్నారని అనుకునేదాన్ని. కొంత నిజమే అయ్యుండచ్చు.

తల్లిగా ఆందోళన పడ్డ తండ్రి ఈసారి బెంచీ జరిపి మరీ లేచాడు. అతనిది బట్టలు ఇస్త్రీ చేసే షాపు. మా ఇంట్లోనూ అంతేనండి, మావాడి పాఠాలు నాకు రావు, అడిగితే సిగ్గేసి ఏఐని అడగరా అంటాను అన్నాడు. ఇంకొకావిడ, పనులు మరీ ఎక్కువిస్తున్నారు అంది. అక్కణ్ణుంచి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చెప్పడమే. రెండు నిమిషాలన్నది ఎవరూ పట్టించుకోలేదు. ఈలమ్మ కలం తీసి సర్క్యులర్ వెనక రాసుకుంటూ పోయింది. అందరూ అయ్యాక ఆ రాసుకున్నది చదివింది. రాసే పనుల మొదటి ప్రతి ఇకనుంచి బడిలోనే, తరగతిలోనే రాయిస్తారు. ఇంటికి వారానికి ఒక్కటే రాసే పని. పెద్దవాళ్ళు చేసిపెట్టక్కర్లేదు, పిల్ల చెబితే వింటే చాలు. ఫోను లేని ఇళ్ళ పిల్లలకి బడి కంప్యూటర్లు వాడుకోనిస్తారు.

"దీనికి అభ్యంతరం ఉంటే నోటితో చెప్పండి," అంది.

ఇస్త్రీ షాపాయన చెయ్యెత్తాడు. అభ్యంతరం కాబోలనుకుంటే, అయితే నా ఉత్తరం నాకిచ్చేయండి అన్నాడు. దాంతో అందరూ బల్ల చుట్టూ మూగి ఎవరి కాగితం వాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అన్నీ ఒకటే అయినప్పుడు ఏది ఎవరిదో ఏం తెలుస్తుంది. సంతకాలు చూసుకుని, ఒకరివొకరు లాక్కుని, చించి ఉండలు చుట్టి, పిల్లల్లా ఒకళ్ళమీద ఒకళ్ళు విసురుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. దొంతరలో అభ్యంతరం ఒక్కటీ మిగల్లేదు.

కరస్పాండెంటు ఈలమ్మ దగ్గరికొచ్చి, మీ కాగితమే పంపండి, ఏదైనా జరిగితే మాత్రం మీ మీదే అన్నాడు. సంతకం నాదేగా అంది ఆవిడ. అక్కడికక్కడే పెట్టింది.

ఆ సాయంత్రం యథాప్రకారం మా ఇంటికొచ్చి, మా కూర తిని, కోడలి వంట మెచ్చుకుంది. ఇవాళ కోడలే వండింది గనక ఊరుకున్నాను. చెయ్యి కడుక్కున్నాక నా పక్కన కూర్చుని, మీతో ఓ పనుంది పిన్నిగారూ అంది. ఆరో తరగతి పిల్లలందరూ వచ్చే వారం బడిలో కూర్చుని, ఇంట్లో పెద్దవాళ్ళ గురించి మళ్ళీ రాస్తారట. రాసినదాన్ని ఒక్కొక్కరు కాగితం చూడకుండా చెప్పాలట. అంతమందిని వినడానికి టీచర్లు చాలరట.

"మీరు రావాలి. ఓ కుర్చీ వేయిస్తాను. పిల్ల చెబుతుంటే వినాలి, అర్థం కాకపోతే అడగాలి. కోప్పడకూడదు," అంది.

ఇంకేమైనా ఉందా అన్నాను. ఉందంది.

"మీ మనవరాలి వంతు వచ్చినప్పుడు మాత్రం మీరు లేచి బయటికి వెళ్ళిపోవాలి. తలుపు పక్కన నిలబడి చెవి పెట్టకూడదు."